ఎడమ పక్క పలచబడిన ముద్ర

ఆ రోజు మా కోడలు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. పాలు పొంగి, పొయ్యంతా పారి, మాడు వాసన ముందు గదిలోకి వచ్చింది. ఆమె ఎక్కడికో వెళ్లి మర్చిపోయిందా అంటే అదీ కాదు. పాలగిన్నె ఎదురుగానే నిలబడి ఉంది. చేతిలో ఫోను ఉంది.

మంచం మీద నుంచి మా ఆవిడ చెంచాతో ఇనప కమ్మీని టంగుటంగుమని కొట్టింది. ఆమెకు పక్షవాతం వచ్చి అప్పటికి ఐదు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సగమే వస్తుంది. కేక వేయాలంటే చెంచా వాయిస్తుంది.

"మాడు..." అంది.

"అయ్యో, చూసుకోలేదత్తయ్యా" అని కోడలు పొయ్యి కట్టేసింది. గుడ్డ తీసుకుంది. తుడవకుండా మళ్లీ ఫోను చూసింది.

నేను చెప్పులు వేసుకుంటున్నాను. సందు చివర నాకొక చిన్న బంకు ఉంది. రబ్బరు ముద్రలు చేస్తాను. నలభై రెండేళ్లుగా అదే పని. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు తిరగేసి ఉంటే గబగబా చదువుతాను, తిన్నగా ఉంటే కూడబలుక్కుంటాను. మాట్లాడటం కూడా తక్కువే. ఇంట్లో అందుకు అందరూ అలవాటు పడ్డారు.

కోడలికి ఏదో అయిందని తెలిసింది. అడగలేదు. బంకుకు వెళ్లిపోయాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆమె ముఖం ఇంకా పాడైంది. నాకు వడ్డించి, గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోదు, వెళ్లదు. కాలి బొటనవేలితో నేల గీకుతోంది.

"మామయ్యా, కుర్చీ డబ్బు నేను వాడేస్తాను" అంది.

ముద్ద నోటి దగ్గర ఆగింది.

కుర్చీ అంటే చక్రాల కుర్చీ. మా ఆవిడకోసం. ఐదు నెలలుగా ఆమె గడప దాటలేదు. వీధిలో కూరల బండి ఆగితే, గొంతును బట్టి ఎవరు బేరమాడుతున్నారో చెప్పేది. అంతకుమించి ఆమెకు వీధి లేదు. మా వాడు లారీ నడుపుతాడు. పది రోజులకోసారి ఇంటికొస్తాడు. ట్రిప్పుకింతని పంపగా పంపగా పద్దెనిమిది వేలైంది. అది కోడలి ఖాతాలో ఉంది. మర్నాడు పొద్దున కుర్చీ తెస్తానని దుకాణం అతను మాటిచ్చాడు.

"దేనికి?" అన్నాను.

"పదహారు వేల ఎనిమిది వందలు కట్టాలి. ఐదింటి లోపల. లేకపోతే నా మీద కేసు పెడతారంట. ఇంటికి పోలీసులు వస్తారంట." వేలు నేల గీకడం ఆపింది. "మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

మంచం మీద చెంచా ఆగిపోయింది. మా ఆవిడ వింటోంది. చెవులకు మాత్రం ఏ వాతమూ రాలేదు.

సంగతి నాకు కొంత తెలుసు. ఇందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఇక్కడ చెప్పాలి.

కోడలు బట్టల దుకాణంలో కౌంటర్లో కూర్చునేది. అత్త పడిపోయాక ఇంట్లో మనిషి ఉండాల్సి వచ్చి మానేసింది. ఎవరూ మానమనలేదు. మానొద్దనీ అనలేదు. అప్పట్నుంచి ఇంట్లో కూర్చుని చేసే పని కోసం ఫోన్లో వెతికేది. అత్తను పక్క మార్చి వెతికేది, మందు వేసి వెతికేది. ఒకనాడు ఆడవాళ్ల గ్రూపులో ఎవరో పంపారు. ఫారాలు చూసి టైపు చేయడమే పని. రోజుకు మూడు గంటలు చాలు. అనుభవం అక్కర్లేదు. నెలకు ఇరవై రెండు వేలు.

ఆమె బట్టల దుకాణంలో రోజంతా కూర్చుంటే వచ్చింది నెలకు తొమ్మిది వేలు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

ఎవరో మేడం మెసేజీలు పెట్టింది. ఒక్కసారి కూడా ఫోను చేసి మాట్లాడలేదు. ఇంటర్వ్యూ కూడా మెసేజీల్లోనే అయిపోయింది. పావుగంట. మీరు సెలెక్ట్ అయ్యారు, అంది. గుర్తింపు కార్డు ఫోటో, ముఖం ఫోటో పంపమంది. నమోదుకు పదిహేను వందలు కట్టమంది. మొదటి జీతంతో తిరిగి ఇస్తామంది. నాలుగు పేజీల ఒప్పందం పంపి ఫోన్లోనే వేలితో సంతకం పెట్టమంది.

కోడలు తెలివిగలది. పదిహేను వందలు అనగానే ఆగింది. ఆగి నా దగ్గరికి వచ్చింది.

"మామయ్యా, మీరు ముద్రలు చేసే మనిషి కదా. ఇది చూడండి. నిజమైనదేనా?"

ఫోను నా ముందు పెట్టి వేళ్లతో పెద్దది చేసింది. గుండ్రటి ముద్ర. ఊదారంగు. చుట్టూ కంపెనీ పేరు, మధ్యలో నక్షత్రం. నేను బాగా చూశాను. అంచు ఎడమ పక్క కిందివైపు ఇంకు పలచబడింది. నక్షత్రం కింద ఆవగింజంత చుక్క. చేత్తో వేసేవాడు ఒక పక్క నొక్కు తక్కువ వేస్తే ఇలాగే వస్తుంది. ప్యాడ్ మీద దుమ్ము ఉంటే అలాంటి చుక్కే పడుతుంది. నేను రోజూ చూసేదే.

"చేత్తో వేసిందే. అసలు ముద్రే" అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకు ఆ పూట గర్వంగా కూడా ఉంది. ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగరు. అడిగారు, చెప్పాను. ఆమె వెంటనే పదిహేను వందలు పంపేసింది.

ఆరు రోజులు టైపు చేసింది. మసకబారిన ఫోటోల్లోంచి పేర్లు, చిరునామాలు, అంకెలు. సున్నా ఏదో 'ఓ' అక్షరం ఏదో ఎవరికీ తెలియనట్టు ఉండేవి. మా ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని చేసేది. కళ్లు ఎర్రబడేవి. ఏడో రోజు ఫోన్లో ఆ కంపెనీ పేజీలోకి పోదామంటే తెరుచుకోలేదు. నూటికి తొంభై ఐదు సరిగా ఉండాలి, మీవి ఎనభై ఒకటే ఉన్నాయి, ఒప్పందం మూడో పేజీ ప్రకారం కంపెనీకి నష్టం మీరు కట్టాలి, అన్నారు. పాలు మాడిన ఆ పొద్దునే వకీలు నోటీసు వచ్చింది.

ఇదంతా నిలబడే చెప్పింది. నా పళ్లెంలో అన్నం గట్టిపడింది.

"మూడో పేజీ చదవలేదా?"

"చదివాను మామయ్యా. చిన్న అక్షరాలు. నేను తప్పులు చేయను కదా అనుకున్నాను." కన్నీళ్లు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంది. "సంతకం పెట్టింది నేనే కదా. ఇప్పుడు ఎవర్ని అనను?"

అనాల్సినవాడు ఎదురుగా అన్నం తింటున్నాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

"ఆ కాగితాలు కాగితం మీద చూడాలి" అన్నాను.

"ఏం చూస్తారు?"

ఏం చూస్తానో నాకే తెలియదు. "జిరాక్స్ అక్కకు పంపు. నేను వెళ్తాను. నేనొచ్చేదాకా కట్టకు."

"ఐదింటికి..."

"కట్టకు."

చెయ్యి కడుక్కుని బయటపడ్డాను. గడియారం మూడుంబావు చూపిస్తోంది.

జిరాక్స్ అక్క దుకాణం నా బంకు పక్కనే. నలభై ఏళ్ల మనిషి. సందులో పసిపిల్లల నుంచి నా దాకా అందరికీ అక్కే. నోరు మిషన్ కంటే వేగంగా పోతుంది.

"ఏంటి ముద్రల తాతా, ఇవాళ మధ్యాహ్నం కునుకు లేదా? మీ కోడలు ఏవో పంపింది, ఐదు పేజీలు. లోపల కరెంటు వస్తూ పోతూ ఉంది, ఆగు."

ఆగాను. మిషన్ వేడెక్కేదాకా ఆగాను. ముందున్న మనిషి పెళ్లి పత్రిక యాభై కాపీలు తీయించుకునేదాకా ఆగాను. బల్ల చుట్టూ తిరిగాను. ఆమె నన్ను రెండుసార్లు చూసింది. "కాలు కాలిన పిల్లిలా ఏంటలా తిరుగుతావ్?" అంది. ఆ పెళ్లి మనిషిని పక్కకు జరిపి నా కాగితాలు ముందు తీసింది.

ఐదు కాగితాలు. వెచ్చగా ఉన్నాయి. నాలుగు ఒప్పందానివి, ఒకటి వకీలు నోటీసు. ప్రతి పేజీ కింద ముద్ర ఉంది. ఫోన్లో నేను మొదటి పేజీ ఒక్కటే చూశాను.

అద్దాల బల్ల మీద వరసగా పరిచాను. నా బూతద్దం జేబులోనే ఉంటుంది. తీశాను.

మొదటి పేజీ. ఎడమ పక్క కిందివైపు పలచన. నక్షత్రం కింద చుక్క.

రెండో పేజీ. ఎడమ పక్క కిందివైపు పలచన. నక్షత్రం కింద చుక్క.

మూడోది. నాలుగోది.

నేను బూతద్దం దించి మళ్లీ ఎత్తాను. నలభై రెండేళ్లలో నేను వేసిన ముద్రల్లో ఏ రెండూ ఒక్కలా పడలేదు. చెయ్యి ఒకసారి బరువు, ఒకసారి తేలిక. చుక్క ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. పడినా అదే చోట పడదు. ఇక్కడ నాలుగుసార్లూ వెంట్రుకవాసి తేడా లేదు. ఇది ఎవరి చెయ్యీ కాదు. ఒక్క బొమ్మను తీసి నాలుగుచోట్ల అతికించారు.

ఐదోది నోటీసు. వకీలు పేరుతో వేరే ముద్ర. చుట్టూ అక్షరాలు వేరు. మధ్యలో నక్షత్రానికి బదులు త్రాసు. త్రాసు కింద చుక్క. ఎడమ పక్క కిందివైపు పలచన.

కంపెనీ వాడూ వకీలూ ఒకే చేతి నుంచి వచ్చారు.

"అక్కా, ఇది చూడు" అన్నాను.

ఆమె వంగి చూసింది. ముద్రల సంగతి ఆమెకు అంతుపట్టలేదు. నోటీసు పై వరసలు చదివింది. చదివి నడుం నిలబెట్టింది.

"ఇది నేను చూశాను తాతా. ఇలాంటిదే. పోయిన వారం ఒక టీచరమ్మ ప్రింటు తీయించుకుంది. మొదటిది గీతలు పడిందని పారేశాను." బల్ల కింద చిత్తుకాగితాల డబ్బా గుమ్మరించింది. వెతికింది. సగం నలిగిన కాగితం నా చేతిలో పెట్టింది.

కంపెనీ పేరు వేరే. వకీలు పేరు వేరే. అడిగిన డబ్బు వేరే. చుక్క ఒకటే.

"ఆమె కట్టిందా?"

"కట్టింది. ఆ తర్వాత కోర్టు ఫీజు అని ఇంకో ఆరు వేలు అడిగారంట. అదీ కట్టింది. తర్వాత ఇంకోటి." అక్క గొంతు తగ్గింది. "తాతా, ఒక మాట చెప్పనా? ముద్ర సంగతి నాకొద్దు. ఈ రోజుల్లో అసలు కంపెనీలు కూడా బొమ్మ ముద్రలే వేస్తాయి. నా బాధ వేరే. పని ఇచ్చేవాడు మనకి జీతమిస్తాడా, మన దగ్గర ఫీజు గుంజుతాడా? పదిహేను వందలు అడిగినప్పుడే అది ఉద్యోగం కాదు. దాని తర్వాత వచ్చేవన్నీ అదే దారంలో పూసలు."

పదిహేను వందలు అడిగినప్పుడే. అంటే ముద్ర చూడాల్సిన అవసరమే లేదన్నమాట. అడిగింది డబ్బు. నేను చూసింది ఇంకు.

"కోడలికి చెయ్యి ఫోను" అన్నాను.

చేసింది. బిజీ. మళ్లీ చేసింది. బిజీ.

"ఆ వకీలే పట్టుకుని ఉంటాడు. వదలరు వాళ్లు. మాట్లాడుతూనే కట్టిస్తారు. ఇంకెవరితోనూ మాట్లాడనివ్వరు. నువ్వు పో తాతా, నేను చేస్తూనే ఉంటాను."

నాలుగు గంటలైంది. నాకు మోకాలు నొప్పి. మామూలుగా ఇంటికి పది నిమిషాలు. ఆ రోజు పరుగెత్తాననుకున్నాను. చూసినవాళ్లు మాత్రం కుంటుకుంటూ పోతున్నాడని అన్నారట. దారిలో కూరల బండి అడ్డం వచ్చింది. ఎదురింటివాళ్ల సామాను ఆటోలోంచి దింపుతున్నారు. "తాతగారూ కాస్త పట్టండి" అన్నాడు ఒకడు. నేను అతన్ని పట్టించుకోలేదు. జీవితంలో అంత మర్యాద తప్పిన రోజు ఇంకొకటి లేదు.

ఒకటే ఆలోచన. కట్టేసి ఉంటుందా?

గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆమె మంచం పక్కన నిలబడి ఉంది. ఫోను స్పీకర్లో పెట్టి దిండు మీద ఉంచింది. రెండు చేతులతో మా ఆవిడను ఎడమ పక్కకు తిప్పుతోంది.

"మేడం, టైం అయిపోతోంది. డబ్బు కట్టడానికి పంపిన కోడ్ స్కాన్ చేశారా లేదా?" ఫోన్లో మగ గొంతు. గట్టి గొంతు.

"చేస్తున్నాను సార్, ఒక్క నిమిషం, మా అత్తయ్యను..."

"పొద్దుట్నుంచి అత్తయ్య అత్తయ్య అంటున్నారు. రేపు లాకప్పులో అత్తయ్య ఉండదు."

మా ఆవిడ తిరిగింది. తిరిగీ తిరగగానే మూలిగింది. "ఇటు..." అంది. కోడలు మళ్లీ కుడి పక్కకు తిప్పడం మొదలెట్టింది. చెమట కారుతోంది ఆమెకు.

"ఇది ఎన్నోసారి?" అన్నాను.

"ఆరోసారి మామయ్యా. మధ్యలో రెండుసార్లు నీళ్లు. ఒకసారి దుప్పటి. ఇవాళే ఏమైందో, ఏ పక్కనా కుదురుగా ఉండటం లేదు. కట్టనివ్వడం లేదు."

మా ఆవిడ నావైపు చూసింది. ఎడమ కన్ను కొంచెం మూసింది. అది వాతం వల్ల కాదు.

నేను ఫోను తీసుకున్నాను.

"హలో" అన్నాను.

"ఎవరు?"

"మామగారిని."

"చూడండి పెద్దాయనా, మీ కోడలు మోసం చేసింది. ఒప్పందం మీద సంతకం చేసి పని పాడు చేసింది. నేను అడ్వకేట్‌ని. ఐదు దాటితే ఇంటికి పోలీసులు..."

"ఆ ముద్ర ఎవరు చేశారు?"

అవతల మాట ఆగింది. "ఏ ముద్ర?"

"మీ ముద్ర. త్రాసుది. ఎడమ పక్క పలచన."

"ఏం మాట్లాడుతున్నారు మీరు? డబ్బు సంగతి..."

"నేను ముద్రలు చేస్తాను. అందుకే అడిగాను. కంపెనీ ముద్ర మీద చుక్క ఉంది, మీ ముద్ర మీదా అదే చోట ఉంది. ఇంకో టీచరమ్మ నోటీసు మీదా ఉంది. మీకందరికీ ఒకే దుమ్ము ఎలా పడింది?"

ఇన్ని మాటలు నేను వరసగా అనడం కోడలు ఎన్నడూ వినలేదు. నోరు తెరుచుకుని చూస్తోంది.

అవతలివాడు ఒంటి కాలి మీద లేచాడు. ముసలోడా అన్నాడు. మీ ఇంటిల్లిపాదినీ లోపలేయిస్తానన్నాడు. కోడలి ఫోటో ఊరంతా పంచుతానన్నాడు. ఆ చివరి మాటకు కోడలి ముఖం పాలిపోయింది.

"పోలీసుల్ని నువ్వు పంపనక్కర్లేదు. మేమే వెళ్తున్నాం" అని కట్ చేశాను. కట్ చేయడం సరిగా రాక మూడుసార్లు నొక్కాను.

మళ్లీ మోగింది. మళ్లీ. వేరే నంబరు నుంచి మోగింది. కోడలు ఫోనును చూస్తోంది, గడియారాన్ని చూస్తోంది. నాలుగూ ముప్పావు. అప్పుడు చెప్పాను కాగితాల సంగతి. ఐదు కాగితాలు, టీచరమ్మది ఆరోది, నేల మీద పరిచాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని చూసింది.

"అన్నిట్లో ఒకటే..." అంది.

"నేను ఒక్కటే చూసి చెప్పాను. తప్పు నాది."

"మీరు చెప్పకపోయినా కట్టేదాన్నే మామయ్యా." కాగితాలు ఒక దొంతిగా పేర్చింది. "ఎలాగైనా అది నిజం కావాలనుకున్నాను. మీ నోటితో అనిపించుకోవడానికి వచ్చాను, అంతే."

ఆ మాటతో నా తప్పేమీ తగ్గలేదు. కాని ఇద్దరం పంచుకున్నట్టయింది.

ఐదు కొట్టింది. ముగ్గురం గుమ్మం వైపు చూశాం. ఎవరూ రాలేదు. ఐదుంబావుకు తలుపు తట్టిన చప్పుడైంది. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

జిరాక్స్ అక్క.

"కట్టేశావా, లేదా? చెప్పవే, పరుగెత్తుకొచ్చాను, షాపు ఎవరికీ అప్పజెప్పలేదు!"

"లేదక్కా" అంది కోడలు. అప్పుడు ఏడ్చింది.

మా ఆవిడను అక్కకు అప్పగించి ఇద్దరం ఆ సాయంత్రమే స్టేషన్‌కు వెళ్లాం. ఫోను మోసాలకు అక్కడ ఒక బల్ల వేరుగా ఉంది. బల్ల వెనక ఒక మేడం ఉంది. గొంతు పట్టేసి, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతూ మాట్లాడింది. కోడలు దారి పొడవునా ఒకటే అడిగింది. నన్ను కూర్చోబెట్టేస్తారా, నన్ను కూర్చోబెట్టేస్తారా, అని.

మేడం మొత్తం విన్నది. అడిగిన మొదటి మాట, "మెసేజీలు చెరిపేశారా?"

"లేదు మేడం. చెరిపేద్దామనుకున్నా, చూస్తేనే ఒళ్లు మండుతోంది."

"మండనివ్వండి. చెరపొద్దు. అన్నీ ఫోటోలు తీసుకోండి. నంబర్లు, డబ్బు పంపిన రసీదు, ఎవరి పేరు మీద వెళ్లిందో అది." రసీదు చూసింది. "కంపెనీ పేరు ఒకటి, డబ్బు వెళ్లింది ఎవరో మొబైల్ కవర్లు అమ్మే మనిషి పేరు మీద. ఇది చూడలేదా?"

కోడలు వంగి ఆ పేరు చదువుకుంది.

"సరే. ఎవరూ చూడరు. తొందరపెడతారు కదా, చూడనివ్వరు." వేడినీళ్లు తాగింది. "ఎవరూ మిమ్మల్ని అరెస్టు చేయరు. టైపులో తప్పులు వస్తే జైల్లో పెట్టేట్టయితే మా రైటర్ని ఎప్పుడో పెట్టాలి."

పక్క బల్ల దగ్గర రాసుకుంటున్నాయన తలెత్తి చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

"అసలు కోర్టు నోటీసు ఫోన్లో ఐదింటికి గడువు పెట్టి, స్కాన్ చేయమని రాదమ్మా. మీరు ఆ ఫారాలు ఎంత బాగా టైపు చేసినా ఎనభై ఒకటే వచ్చేది. వాళ్లకు టైపు చేసేవాళ్లు అక్కర్లేదు. కట్టేవాళ్లు కావాలి."

ఆ మాట కోడలికి ఎక్కడో తగిలింది. ఆరు రోజులు కళ్లు పోగొట్టుకుని చేసింది. అన్నీ ఉత్తివే.

నా కాగితాలు ముందుకు తోశాను. బూతద్దం కూడా ఇచ్చాను. మేడం ఓపిగ్గా ఆరూ చూసింది. "బాగా పట్టారు తాతగారూ. ఇవి ఫైల్లో పెడతాను, ఆ టీచరమ్మను కూడా వచ్చి ఫిర్యాదు ఇమ్మనండి, రెండూ కలుపుతాను. కాని రేపు వీళ్లు ఈ చుక్క తీసేసి మంచి ముద్ర చేసుకుంటారు. అప్పుడేం చేస్తారు?"

నేను బూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాను.

"డబ్బు అడిగాడా లేదా, అది చూడండి. చుక్క మారుద్ది, అది మారదు." తర్వాత కోడలితో అంది. "బ్యాంకుకు ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. పదిహేను వందలు వస్తాయని మాత్రం నేను చెప్పను, చాలా రోజులైంది. మీ గుర్తింపు కార్డు వాళ్ల దగ్గరుంది కాబట్టి మీ పేరు మీద సిమ్ములు, లోన్లు పుట్టాయేమో అప్పుడప్పుడు చూసుకోండి. ఫోటో పంచుతామంటారు, బెదిరింపుకే ఎక్కువ. నిజంగా ఏదైనా చేస్తే వెంటనే నా దగ్గరికి రండి. ఇంకొకటి. కొన్నాళ్లకు ఇంకెవరో ఫోను చేస్తారు. మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి అంటారు. వీళ్లే, లేదా వీళ్ల దగ్గర మీ నంబరు కొనుక్కున్నవాళ్లు. పోయిన డబ్బు కంటే అది తిరిగొస్తుందన్న ఆశ మొండిది. దానికోసం వస్తారు."

ఇంటికొచ్చాక కోడలు మా వాడికి తనే ఫోను చేసి చెప్పింది. వాడు లారీ పక్కకు ఆపి విన్నాడు. ఏమంటాడో అని నేను వంటగదిలో నిలబడ్డాను. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె బయటికి వచ్చి, "నాన్న ముద్ర చూసి సరే అన్నాడా, అని నవ్వుతున్నారు మామయ్యా" అంది.

నవ్వితే నవ్వనీ.

మర్నాడు పదకొండింటికి కుర్చీ వచ్చింది. దుకాణం అతను డబ్బు ముందు అడగలేదు. మడత విప్పి, చక్రాలు తిప్పి చూపించి, "ముందు అమ్మగార్ని కూర్చోబెట్టండి, సరిపోతేనే" అన్నాడు. కోడలు, నేను చెరో పక్క పట్టి కూర్చోబెట్టాం. పాదాల పలక కొంచెం ఎత్తైంది. పానా తెచ్చి దించాడు. కోడలు అప్పుడు డబ్బు పంపింది. పంపే ముందు ఫోన్లో పేరు చూసింది. దుకాణం బోర్డు మీది పేరుతో సరిపోయిందో లేదో అతన్నే అడిగింది. అతను విసుక్కోలేదు.

బిల్లు మీద ముద్ర వేశాడు. తలకిందులుగా పడింది. సగం ఇంకే అంటలేదు. నాకు ముచ్చటేసింది, కాని ఏమీ అనలేదు. ఈ మధ్య ముద్రల గురించి నేను తక్కువ మాట్లాడుతున్నాను.

మా ఆవిడను గడప దాటించి అరుగు మీద పెట్టాం. ఐదు నెలల తర్వాత. ఆమె వీధిని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్లను చూసింది. "ఎవరు?" అంది. కోడలు చెప్పడం మొదలెట్టింది.

ఫోను మోగింది. తెలియని నంబరు. కోడలు నంబరును రెండుసార్లు చూసింది. అయినా ఎత్తి స్పీకర్లో పెట్టింది.

ఈసారి ఆడ గొంతు. తేనె పూసినట్టుంది. "మేడం, మీరు ఆన్‌లైన్ జాబ్ మోసంలో నష్టపోయారని మా రికార్డులో ఉంది. మీ అమౌంట్ రికవరీకి అప్రూవ్ అయింది. ప్రాసెసింగ్ ఫీజు రెండు వేలు కడితే సాయంత్రానికి..."

అంత త్వరగా వస్తారనుకోలేదు. కోడలు నావైపు చూసింది. నేను నోరు తెరిచే లోపల మా ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. చెంచా పట్టే చెయ్యి. ఫోను లాక్కుంది. నోటి దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క ముక్కనే కూడదీసుకుంది.

"ముందు..." అంది. ఊపిరి తీసుకుంది. "నువ్వు... పంపు."

అవతల ఏదో అనబోయారు. మా ఆవిడ ఫోనును ఒళ్లో పడేసుకుంది. ఎదురింటివైపు మళ్లీ తిరిగింది.

"ఎవరు?" అంది కోడల్ని.